ఇయర్‌బడ్స్ కనెక్ట్ కాలేదని కిండిల్‌ని రీసెట్ కొట్టకండి

మొన్న తెలిసినావిడ ఒకరు ఏడుపు గొంతుతో ఫోన్ చేశారు. కిండిల్‌లో ఆడియోబుక్ విందామని కూర్చుంటే ఇయర్‌బడ్స్ పేరు లిస్టులో రాలేదట, ఎవరో రీసెట్ చేస్తే సెట్ అయిపోతుంది అన్నారట, ఈవిడ కొట్టేశారు. కేబుల్ పెట్టి కంప్యూటర్ నుంచి ఎక్కించుకున్న పుస్తకాలన్నీ పోయాయి, వాటిలో గీసుకున్న హైలైట్లు, రాసుకున్న నోట్సు కూడా పోయాయి. ఇంత చేసినా బడ్స్ మాత్రం కనెక్ట్ కాలేదు, ఎందుకంటే అసలు తప్పు కిండిల్‌ది కాదు. బడ్స్ ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్న ఫోన్‌కి కనెక్ట్ అయిపోయి ఉన్నాయి.

ఇలాంటివి ఇంతకుముందు కూడా చూశాను, ప్రతిసారీ కథ ఇదే. ఛార్జింగ్ పెట్టుకోండి లాంటివి మీకు తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. ప్రయాణాల ముందు ఆడియోబుక్ పెట్టుకునేవాళ్ళు ఇది మాత్రం పూర్తిగా చదవండి.

పెయిరింగ్ మొదలుపెట్టే ముందు

ముందు ఫోన్‌లో బ్లూటూత్ ఆపేయండి. ట్యాబ్, ల్యాప్‌టాప్ ఉంటే వాటిలో కూడా. కేస్ మూత తీయగానే బడ్స్ చివరిసారి కనెక్ట్ అయిన ఫోన్‌ని వెతుక్కుని దానికి వెళ్ళిపోతాయి, వెళ్ళాక కొత్తవాళ్ళకి కనపడవు. ఫోన్ పక్క గదిలో ఉన్నా అంతే. మీరు కిండిల్ స్క్రీన్ వైపు చూస్తూ ఎంతసేపు కూర్చున్నా లిస్టు ఖాళీగానే ఉంటుంది.

రెండోది, మూత తీయడం వేరు, పెయిరింగ్ మోడ్‌లో పెట్టడం వేరు. చాలా బడ్స్‌కి కేస్ మీద బటన్ ఉంటుంది, లైట్ బ్లింక్ అయ్యేదాకా దాన్ని నొక్కి పట్టుకోవాలి. ఎయిర్‌పాడ్స్ అయితే బటన్ ఉన్న మోడళ్ళలో కేస్ వెనక ఉంటుంది, తెల్ల లైట్ మిణుకుమనాలి. కొన్ని కంపెనీల వాటికి రెండు బడ్స్‌నీ వేళ్ళతో నొక్కి పట్టుకోవాలి, మీ బడ్స్‌తో వచ్చిన కాగితంలో రాసి ఉంటుంది చూడండి. లైట్ బ్లింక్ కాకపోతే కిండిల్‌లో ఏం చేసినా దండగ.

కిండిల్‌లో చేయాల్సింది

స్క్రీన్ పై నుంచి కిందకి లాగితే సెట్టింగ్స్ వస్తాయి. అక్కడ Wi-Fi & Bluetooth లోకి వెళ్ళి బ్లూటూత్ ఆన్ చేసి, Bluetooth Devices నొక్కండి. మోడల్‌ని బట్టి పేర్లు కొద్దిగా మారొచ్చు. ఈ స్క్రీన్ ఫోన్‌లా చకచకా మారదు, పేరు రావడానికి టైమ్ పడుతుంది, ఓపిగ్గా ఉండండి, ఆగకుండా మళ్ళీ మళ్ళీ నొక్కితే ఇంకా ఆలస్యం అవుతుంది. ఒకే బడ్స్‌కి రెండు పేర్లు కనిపించి వాటిలో ఒకదాని ముందు LE అని ఉంటే అది కాకుండా రెండోది ఎంచుకోండి.

ఒకప్పుడు కనెక్ట్ అయ్యి ఇప్పుడు కావట్లేదు అంటే పాత పెయిరింగ్ చెడిపోయి ఉంటుంది. కిండిల్ లిస్టులో ఆ పేరు తీసేయండి, బడ్స్ వైపు కూడా పాత జతలన్నీ చెరిపేయండి, ఆ తర్వాత మొదటి నుంచి చేయండి. ఒకవైపే తీసేస్తే రెండోవైపు పాత గుర్తు ఉండిపోయి మళ్ళీ మొరాయిస్తుంది. ఇక్కడ నేను చెరిపేయమంటున్నది బడ్స్ జ్ఞాపకం, కిండిల్‌ది కాదు, దయచేసి కలగాపులగం చేసుకోకండి.

ఇంకా కాకపోతే రీస్టార్ట్ చేయండి. పవర్ బటన్‌ని 40 సెకన్లు నొక్కి పట్టుకుంటే చాలు, ఒక్క పుస్తకం కూడా పోదు. మెనూలోంచి చేస్తే మాత్రం కళ్ళు పెట్టి చదవండి, Restart, Reset రెండూ Device Options లో దగ్గర దగ్గరే ఉంటాయి, చూడ్డానికీ ఒకేలా ఉంటాయి. మొదటిది ఆపి మళ్ళీ ఆన్ చేస్తుంది. రెండోది కొన్ననాటి స్థితికి తీసుకెళ్తుంది, మీ అకౌంట్ కూడా తీసేస్తుంది. స్టోర్‌లో కొన్న పుస్తకాలు మళ్ళీ లాగిన్ అయితే దిగుతాయి, కానీ మీరు కేబుల్‌తో ఎక్కించినవాటికి వేరే కాపీ లేకపోతే అవి ఇక రావు. హైలైట్లన్నీ ఒకచోట చేరే `My Clippings.txt` ఫైల్ కూడా ఆ కిండిల్‌లోనే, documents ఫోల్డర్‌లో ఉంటుంది, అది కూడా తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే మళ్ళీ చెప్తున్నా, బడ్స్ కోసం రీసెట్ కొట్టకండి.

పాడైపోయింది అనుకునేవి, నిజానికి పరిమితులే

ఫోన్‌లోంచి ఎంపీ3 తెచ్చి కిండిల్‌లో వేస్తే ఆడదు, అందులో ఆడేవి ఆడిబుల్ పుస్తకాలే. కోబో అనే ఇంకో కంపెనీ ఈ-రీడర్లలో బ్లూటూత్ ఉన్న మోడళ్ళు కూడా కోబో స్టోర్ ఆడియోబుక్‌లకే. ఫైల్ కనిపించట్లేదని రీసెట్ కొట్టినవాళ్ళు కూడా ఉన్నారు, ఎన్నిసార్లు కొట్టినా ఆ ఫైల్ ఆడదు.

చదువుతూ అదే పుస్తకం వినడం కిండిల్ ఈ-రీడర్‌లో కుదరదు. చదవడం నుంచి వినడానికి, వినడం నుంచి చదవడానికి మారొచ్చు, అది కూడా రెండు రూపాలూ మీ దగ్గర ఉండి, ఆ పుస్తకానికి సింక్ సదుపాయం ఉంటేనే. ఫోన్‌లో ఆపిన చోట నుంచే రావాలంటే ఫోన్, కిండిల్ రెండూ ఒకసారి ఇంటర్నెట్‌కి తగలాలి.

ఇంకోటి, వాయిస్‌వ్యూ అని చూపు సరిగ్గా లేనివాళ్ళ కోసం స్క్రీన్ చదివి వినిపించే సదుపాయం ఉంది, అది పొరపాటున ఆన్ అయితే ఒక్కసారి తాకితే ఏదీ తెరుచుకోదు, పేరు చదివి ఊరుకుంటుంది, రెండుసార్లు తట్టాలి. టచ్ పోయింది అని భయపడిపోయి చేతులు రీసెట్ మీదకే వెళ్తాయి. సెట్టింగ్స్‌లో Accessibility లోకి వెళ్ళి దాన్ని ఆఫ్ చేయండి, అంతే.

ఇక ప్రయాణానికి ముందు రోజు చేయాల్సినవి:

- ఆడియోబుక్ పూర్తిగా డౌన్‌లోడ్ చేయండి. 64 కేబీపీఎస్ క్వాలిటీ అయితే గంటకి సుమారు 29 ఎంబీ, 10 గంటల పుస్తకం 290 ఎంబీ దాకా వస్తుంది, స్టేషన్ వైఫై మీద పెట్టుకోకండి.
- వైఫై ఆపి మధ్యలో ఒక చాప్టర్, చివర్లో ఒక చాప్టర్ ప్లే చేసి చూడండి. మొదటి చాప్టర్ ఆడింది కదా అంటే కాదు, సగమే దిగినా మొదటిది ఆడుతుంది.
- ఎయిర్‌ప్లేన్ మోడ్ పెడితే బ్లూటూత్ కూడా పోతుందేమో ఇంట్లోనే పెట్టి చూసుకోండి.
- బ్యాటరీ వారాలు వస్తుందన్న మాట చదవడానికి, వినడానికి కాదు.
- బడ్స్ మైక్ కిండిల్‌లో పనిచేయదు, వెతకకండి.
- బడ్ మీద తట్టితే పాజ్ అవుతుందని నమ్మొద్దు, కొన్నింటికి అవుతుంది కొన్నింటికి కాదు, స్క్రీన్ మీదే ఆపండి.
- కాల్ మాట్లాడాక ఫోన్ బ్లూటూత్ మళ్ళీ ఆఫ్ చేయండి.
- కిండిల్‌ని ఇంకొకళ్ళకి ఇచ్చి "నువ్వు చూడు" అనకండి. ఇవ్వాల్సి వస్తే రీసెట్ కొట్టొద్దని ముందే చెప్పండి.
- కస్టమర్ కేర్‌వాళ్ళు రీసెట్ అనగానే ఆపండి. ముందు కంప్యూటర్‌కి పెట్టి documents ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోండి, కాపీ అయిన `My Clippings.txt` ని తెరిచి మీ హైలైట్లు కనిపిస్తున్నాయో లేదో చూడండి, అప్పుడు వాళ్ళకి తిరిగి ఫోన్ చేయండి.