షుగర్ 114, హెచ్‌బీఏ1సీ 6.6, హిమోగ్లోబిన్ 9.4: చెకప్ రిపోర్టు ఇట్లొస్తే ముందు ఏం చూడల్ల

సమస్య: ఒంట్లో ఏం బాగలేదని కాదు, ఊరికే ఫుల్ బాడీ చెకప్ చేయించుకుంటే రిపోర్టులో మూడు నాలుగు చోట్ల లావు అక్షరాలు. మా చిన్నమ్మకు ఇట్లనే వచ్చింది. 44 ఏండ్లు, అనంతపురంలో ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. ఫాస్టింగ్ షుగర్ 114, హెచ్‌బీఏ1సీ 6.6, ట్రైగ్లిజరైడ్స్ 285, హిమోగ్లోబిన్ 9.4. "నాకు షుగర్ వచ్చిండాదంట్రా, ఇంక మాత్రలేనంట" అని ఫోన్ చేసింది, పక్కింటామె అప్పుడే చెప్పేసిందంట.

మొదటి కారణం: అది అసలు ఫాస్టింగే కాదు. ముందురోజు రాత్రి బంధువుల ఇంట్లో ఫంక్షను, పదకొండుకు ఓళిగలు, పొద్దున ఆరుకు చక్కెరేసిన కాఫీ, ఎనిమిదిన్నరకు రక్తం ఇచ్చింది. "కాఫీ ఒక్కటే కదా" అంటుంది, అదే తంటా. ఫాస్టింగ్ షుగర్‌కు కనీసం 8 గంటలు నీళ్లు తప్ప ఏం తీసుకోకూడదు. ట్రైగ్లిజరైడ్స్ అయితే తిన్నాక గంటల తరబడి ఎక్కువే ఉంటాయి, అందుకే ఎక్కువొచ్చినప్పుడు 12 గంటలు కడుపు ఖాళీగా పెట్టి మళ్లీ చూడమంటారు.

ఇంకోటి, చానా లాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, లెక్కేస్తారు: టోటల్ కొలెస్ట్రాల్ లోనుంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతు కూడా తీసేస్తారు. చిన్నమ్మకు 212 లో 38, 57 పోతే 117. అంటే ట్రైగ్లిజరైడ్స్ తప్పుగా వస్తే ఎల్‌డీఎల్ కూడా తప్పే, 400 దాటితే ఆ లెక్క పనికే రాదు.

ఏం చెయ్యల్ల: వారం ఆగి, రాత్రి ఎనిమిదికి మామూలు తిండి తిని, పొద్దున ఎనిమిదికి నీళ్లు మాత్రం తాగి పోవల్ల. అట్ల పోతే చిన్నమ్మకు షుగర్ 103, ట్రైగ్లిజరైడ్స్ 168 వచ్చినాయి. ఫాస్టింగ్ షుగర్ 100 లోపుంటే నార్మల్, 100 నుంచి 125 దాకా ప్రీడయాబెటిస్, 126 లేదా ఆపైన ఇంకోసారి కూడా వస్తేనే షుగర్ అంటారు. అంటే ఈమె సరిహద్దులో ఉంది.

మరి హెచ్‌బీఏ1సీ 6.6 సంగతేంది? 6.5 లేదా ఆపైన ఉంటే షుగర్ అని రాసుంటుంది కదా. చానామంది ఇక్కడే ఇరుక్కుంటారు, హిమోగ్లోబిన్ గడిని పక్కనబెట్టి షుగర్ గడి ఒక్కటే చదువుతారు. హెచ్‌బీఏ1సీ అంటే హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటుకుందో చూసే పరీక్ష. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ఐరన్ తక్కువైతే కొత్త కణాల తయారీ తగ్గి రక్తంలో పాత కణాలు ఎక్కువైతాయి, వాటికి చక్కెర ఎక్కువ రోజులు అంటుకుని ఉంటుంది కాబట్టి షుగర్ అంత లేకపోయినా నంబరు కొంచెం పైకి పోతుంది. అందుకే ఫాస్టింగ్ 103, హెచ్‌బీఏ1సీ 6.6 అని రెండూ పొంతన లేకుండా వస్తే హిమోగ్లోబిన్ చూడల్ల. ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 కన్నా తక్కువైతే రక్తహీనత.

ఐరన్ వల్లనేనా అని ఎట్ల తెలుస్తుంది? అదే రిపోర్టులో ఎంసీవీ అని ఉంటుంది, కణం సైజు, 80 నుంచి 100 దాకా ఉండల్ల. చిన్నమ్మకు 68. పుట్టుకతో వచ్చే తలసేమియా మైనర్‌లో కూడా ఇట్లనే తగ్గుతుంది కాబట్టి డాక్టరు ఐరన్ నిల్వ చూసే ఫెర్రిటిన్ పరీక్ష రాసినారు, అది 6 వచ్చింది, ఐరన్ నిల్వ అయిపోయిందన్నమాట. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందని అప్పుడు అడిగితే చెప్పింది, అంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఏం చెయ్యల్ల: దానికి గైనిక్ డాక్టరుకు చూపించినాం, ఐరన్ మాత్రలు మొదలుపెట్టినాం. మాత్రకు అటూ ఇటూ గంటన్నర, రెండు గంటలు కాఫీ, టీ, పాలు, క్యాల్షియం మాత్ర ఏవీ వద్దు, నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే మేలు. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దు, అది మాత్ర రంగే. మాత్రలు మొదలైన కొత్తలో హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించొద్దు, ఈసారి కొత్త కణాలు ఎక్కువై నంబరు కిందికి పడి ఊరికే సంబరపడతాం. మూడు నెలల తర్వాత హిమోగ్లోబిన్ 11.9, హెచ్‌బీఏ1సీ 6.0. షుగర్ మాత్ర పడలేదు కానీ సరిహద్దు సరిహద్దే, సంగటి ముద్ద సైజు తగ్గించింది (రాగి అనే పేరే గానీ అందులో సగం బియ్యమే), ఏడాదికోసారి ఫాస్టింగ్ చూపించుకోమన్నారు. హిమోగ్లోబిన్ 12 దాటినా ఇంకో మూడు నెలలు ఐరన్ ఆపొద్దన్నారు, నిల్వ నిండల్ల కదా.

మగవాళ్లకు, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ ఇట్ల తగ్గితే ఉత్త మాత్రలతో సరిపెట్టుకోవద్దు, కడుపులోనో పేగులోనో రక్తం కారుతోందేమో ఎండోస్కోపీ చేసి చూడల్సి ఉంటుంది. హిమోగ్లోబిన్ 7 కిందికి పోయినా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా, ఫాస్టింగ్ 200 దాటి దప్పిక, మాటిమాటికీ ఒంటేలు ఉన్నా, ట్రైగ్లిజరైడ్స్ 500 పైనున్నా వారం ఆగి చూద్దామనే లెక్క వద్దు, ఆ రోజే ఆస్పత్రికి పోండి.