రీల్ బాగుంది, వెతికితే మాత్రం దొరకదు: సమస్య - పరిష్కారం

సమస్య

గేర్లు లేని సైకిల్ చైన్ ఊడిపోతుంటే ఎలా బిగించాలో 30 సెకన్ల రీల్‌లో మీరు చక్కగా చూపించారు. చూసినవారు మెచ్చుకున్నారు కూడా. కానీ వేరే ఖాతాలోంచి "సైకిల్ చైన్ ఊడిపోతోంది" అని వెతికితే అది రాదు. సొంత ఖాతాలో వెతికి చూసుకోవద్దు, అక్కడి ఫలితాలను మీ అలవాట్లే మారుస్తాయి.

కారణం

ముందు శబ్దం ఆపి చూడండి. తెరమీద పెద్ద అక్షరాలతో "ఈ ఒక్క పని చేస్తే చాలు!" అని ఉంది. తర్వాత తెర చూడకుండా వినండి: "హాయ్ ఫ్రెండ్స్, ఇది వదులైంది కదా, దీన్ని ఇలా వెనక్కి లాగి ఇక్కడ బిగించాలి." మీ చేయి ఎక్కడుందో చూసేవారికి కనిపిస్తుంది కాబట్టి వారికి లోటు తెలియదు. వెతుకులాటకు ఆధారమయ్యే మాటల్లో మాత్రం సైకిల్ లేదు, చైన్ లేదు. కింద వివరణలోనూ `#viral #trending` తప్ప ఏమీ లేదు.

పరిష్కారం

"ఇది", "దీన్ని", "ఇక్కడ" అన్న ప్రతిచోటా వస్తువు పేరు పెట్టండి. పలకరింపు తీసేసి, ఇబ్బందిలో ఉన్నవారు అడిగే ప్రశ్నతోనే మొదలుపెట్టండి: "గేర్లు లేని సైకిల్‌కు చైన్ మాటిమాటికీ ఊడిపోతోందా? వెనక చక్రం నట్లు వదులు చేసి, చక్రాన్ని వెనక్కి లాగి, మళ్లీ బిగించండి." ఇంతే చాలు. చైన్, చైన్ అని జపం చేస్తే వినేవారు పారిపోతారు.

తెరమీద "సైకిల్ చైన్ ఊడిపోతుంటే బిగించే పద్ధతి" అని సాదా అక్షరాలతో రాసి, రెండు మూడు సెకన్లు కదలకుండా ఉంచండి. ఒక్కో అక్షరం ఎగిరి వచ్చే అలంకారాలు మనుషులకే చదవడం కష్టం. అడుగున వివరణ, కుడివైపు బటన్లు కప్పేస్తాయి కాబట్టి అక్షరాలు ఆ రెండు చోట్లకూ దూరంగా ఉండాలి.

వివరణ మొదటి వరుసలోనూ అదే విషయం పూర్తి వాక్యంగా రాయండి. కీలక మాటలను వ్యాఖ్యల్లో కాకుండా వివరణలోనే పెట్టమని ఇన్‌స్టాగ్రామ్ కూడా చెప్పింది. తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేసేవారు చాలామంది, అందుకే చివర `cycle chain oodipothondi` అని ఒక్కసారి చేర్చండి.

ఇవన్నీ చేసినా దొరకకపోతే

యంత్రం రాసిన ఉపశీర్షికలు తెరిచి చదవండి. "చైన్ ఊడిపోతోందా" అన్నది మరేదో మాటగా పడి ఉంటే తప్పు ఉచ్చారణది కాకపోవచ్చు. చాలాసార్లు వెనక సంగీతమే గొంతును మింగేస్తుంది. మాట్లాడేచోట సంగీతం బాగా తగ్గించి, తప్పుపడిన మాటలు చేత్తో దిద్దండి. మీ భాషకు ఆ సౌకర్యం లేకపోతే పూర్తి ఉపశీర్షికలు మీరే రాసి పెట్టాలి.

యూట్యూబ్‌లో పెట్టినట్లయితే, స్టూడియోలోని విశ్లేషణలో యూట్యూబ్ సెర్చ్ నుంచి వచ్చినవారు ఏ మాటలతో వెతికారో చూడవచ్చు. అక్కడ "గేర్ సైకిల్ చైన్" కనిపిస్తోందంటే మీ రీల్ దానితో పని లేనివారికి చేరుతోంది. "గేర్లు లేని" అన్న మాటను తెరమీది వాక్యంలోకి కూడా ఎక్కించండి.