సిబ్బందికి ఉత్తరాలు రాయడం, 4వ పాఠం: వీక్లీ ఆఫ్ మారుతోంది, షిఫ్టు తిరుగుతోంది

పోయిన పాఠంలో రోస్టర్ గళ్ళు గీసుకుని ఏ రోజు ఎంతమంది కావాలో లెక్క తేల్చుకున్నాం. ఈసారి ఆ లెక్కను సిబ్బందికి తెలిపే ఉత్తరం రాద్దాం. రెస్టారెంట్‌లో ఇంతకంటే ఎక్కువ గొడవ తెచ్చే ఉత్తరం ఇంకోటి లేదని నా నమ్మకం. జీతం ఉత్తరం నెలకోసారి గుర్తొస్తుంది. ఆఫ్ రోజు మాత్రం పిల్లల బడి, ఆసుపత్రి అపాయింట్‌మెంట్, ఇంకోచోట చేసే పార్ట్‌టైమ్ పని, ఇలా అన్నిటితోనూ ముడిపడి ఉంటుంది.

ముందు చాలాచోట్ల గోడకు అంటించే రకం ఉత్తరం చూడండి.

"సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, నిర్వహణ కారణాల దృష్ట్యా వచ్చే సోమవారం నుంచి వీక్లీ ఆఫ్‌లు మార్చబడినవి. షిఫ్టులు ప్రతి వారం రొటేట్ అగును. అందరూ సహకరించగలరు."

దీన్ని చదివిన స్టీవార్డు మొదట అడిగేది ఒక్కటే: "మరి నా ఆఫ్ ఎప్పుడు?" దానికి జవాబు ఇందులో లేదు. "వచ్చే సోమవారం" అన్నది గురువారం చదివినవారికి ఒకటి, సెలవు ముగించుకుని మంగళవారం వచ్చి చదివినవారికి ఇంకొకటి. కారణం చెప్పినట్టే ఉంది గానీ చెప్పలేదు. అయితే అసలు లోపం ఇవేవీ కావు. పాత పద్ధతి ఆగి కొత్తది మొదలయ్యే ఆ ఒక్క వారం గురించి ఈ ఉత్తరం నోరు విప్పలేదు. ఈ పాఠమంతా ఆ వారం గురించే.

అతుకు వారం

ఒక స్టీవార్డును తీసుకుందాం. పాత ఆఫ్ సోమవారం, కొత్త ఆఫ్ శుక్రవారం. మార్పు జూన్ 8 సోమవారం నుంచి అమలు. ఆయన చివరి పాత ఆఫ్ జూన్ 1. తర్వాతి సోమవారం జూన్ 8, కానీ ఆ రోజు నుంచే కొత్త పద్ధతి కాబట్టి అది ఆఫ్ కాదు. కొత్త పద్ధతిలో మొదటి ఆఫ్ జూన్ 12 శుక్రవారం. అంటే జూన్ 2 నుంచి 11 దాకా వరసగా 10 రోజులు పని. రోస్టర్ షీటు మీద ఇది కనిపించదు. పాత వారంలో ఒక ఆఫ్ ఉంది, కొత్త వారంలో ఒక ఆఫ్ ఉంది, రెండు షీట్లూ సరిగ్గానే ఉన్నాయి. తేడా రెండిటి మధ్య అతుకులో ఉంది.

లెక్క తేలిక. మార్పు సోమవారం మొదలైతే, మామూలు 6 పనిరోజులకు ఆఫ్ ఎన్ని రోజులు వెనక్కి జరిగిందో అన్ని కలపండి. సోమవారం నుంచి శుక్రవారానికి 4 రోజులు, కాబట్టి 10. ఆఫ్ ముందుకు జరిగినవాళ్ళకు తీసెయ్యండి. శుక్రవారం నుంచి సోమవారానికి మారిన ఇంకో స్టీవార్డు జూన్ 5న ఆఫ్ తీసుకుని, 6, 7 పనిచేసి, 8న మళ్ళీ ఆఫ్‌లో ఉంటాడు. ఒకరికి వరసగా పది రోజులు, పక్కవాడికి రెండే. ఇద్దరూ ఒకే టేబుళ్ళ మధ్య తిరుగుతుంటారు, పోల్చుకోకుండా ఉండరు.

ఇక నిబంధనల సంగతి. ప్రతి ఏడు రోజుల్లో కనీసం 24 గంటలు ఏకధాటి విశ్రాంతి ఉండాలన్నది దుకాణాలు, ఆఫీసుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1957లో చేసిన ఒప్పందం చెప్పే సూత్రం. చాలా దేశాల చట్టాలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. మీ దగ్గరి చట్టం ఏమంటుందో ఉత్తరం పంపకముందే చూసుకోండి. పది రోజుల వరస కొన్నిచోట్ల చట్టం ముందు నిలబడకపోవచ్చు.

దీనికి మందు ఒక అతుకు ఆఫ్. ఆఫ్ వెనక్కి జరిగిన ప్రతివారికీ ఆ ఒక్క వారం పాత రోజున కూడా ఆఫ్ ఇవ్వాలి. మన స్టీవార్డుకు జూన్ 8న, మళ్ళీ 12న. అప్పుడు 6 రోజులు పని, ఆఫ్, 3 రోజులు పని, ఆఫ్. దీనికి ఖర్చు ఉంది: జూన్ 8న ఇద్దరు స్టీవార్డులూ ఆఫ్‌లో ఉంటారు, ఫ్లోర్ మీద ఒక మనిషి తక్కువ. ఆ లోటు యజమానిది, మేనేజర్‌ది. స్టీవార్డుది కాదు. రద్దీ తక్కువ ఉండే రోజు చూసి మార్పు మొదలుపెడితే చాలావరకు గట్టెక్కవచ్చు.

ఇది రాసేటప్పుడు ఒక వాక్యం మర్చిపోకండి: ఆ అదనపు ఆఫ్‌కు జీతం కోస్తారా, కోయరా. మీరు చెప్పకపోతే కోస్తారనే అనుకుంటారు.

షిఫ్టు ఎక్కడ తిప్పాలి

ఉదయం షిఫ్టు 7:00 నుంచి 3:30, సాయంత్రం షిఫ్టు 3:00 నుంచి 11:30 అనుకుందాం. "ప్రతి సోమవారం షిఫ్టులు మారతాయి" అని రాయడం అందరికీ సులువు. మేనేజర్‌కు గుర్తుంటుంది, షీటు అందంగా ఉంటుంది. కానీ ఆదివారం రాత్రి క్లోజింగ్ చేసినవాడు సోమవారం పొద్దున్నే ఓపెనింగ్‌కు రావాలి. కాగితం మీద మధ్యలో ఏడున్నర గంటలు. చివరి టేబుల్ లేచేదాకా ఆగి, నేల తుడిచి, క్యాష్ లెక్క ముగించేసరికి అర్ధరాత్రి దాటుతుంది. రానూ పోనూ ప్రయాణం కూడా తీసేస్తే మిగిలేది నాలుగైదు గంటల నిద్ర. ఐరోపా సమాఖ్యలో రోజుకు 11 గంటల ఏకధాటి విశ్రాంతి నిబంధన ఉంది. మీ దేశంలో అంత లేకపోయినా, కత్తి పట్టుకుని, వేడి నూనె దగ్గర నిలబడేవాళ్ళకు ఆ అంకెను కొలతగా పెట్టుకోవడం మంచిదే.

నేను సూచించే పద్ధతి: ఎవరి షిఫ్టు వారి సొంత ఆఫ్ తర్వాతి రోజున మారాలి. మన స్టీవార్డు జూన్ 11 గురువారం రాత్రి 11:30కి సాయంత్రం షిఫ్టు ముగిస్తాడు. 12న ఆఫ్. 13 శనివారం ఉదయం 7:00కి వస్తాడు. మధ్యలో 31న్నర గంటలు. తర్వాతి మలుపులో, జూన్ 18న ఉదయం షిఫ్టు 3:30కి ముగుస్తుంది, 19న ఆఫ్, 20 సాయంత్రం 3:00కి రావాలి. ఈసారి 47న్నర గంటలు. అంటే ఒక వారం ఆఫ్ పొట్టిగా, ఒక వారం పొడుగ్గా ఉంటుంది. ఈ మాట ఉత్తరంలో పెట్టాలా? పెట్టాలనే అంటాను. సొంతూరు వెళ్ళి రావాలనుకునేవాడికి ఏ ఆఫ్ పొడుగో తెలియాలి.

ఈ పద్ధతికి ఒక చిక్కు ఉంది. అందరూ ఒకే రోజు మారరు కాబట్టి వారం మధ్యలో ఒక షిఫ్టులో మనుషులు ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ అయ్యే రోజులు రావచ్చు. 3వ పాఠంలో గీసిన గళ్ళలో రెండు వారాలకు రోజువారీగా తలలు లెక్కపెట్టి, తగ్గిన చోట ఒకరిద్దరి మొదటి షిఫ్టును తారుమారు చేసి చూడండి. అది కుదిరాకే ఉత్తరం మొదలుపెట్టండి. పంపాక సవరణ ఉత్తరం పంపితే మొదటిదాన్ని కూడా ఎవరూ నమ్మరు.

ఇక ఉత్తరం

రెండు ముక్కలుగా రాస్తాం. పైన అందరికీ ఒకటే ఉండే భాగం, కింద ఒక్కొక్కరికీ వేరేగా ఉండే చీటీ. ప్రతి తేదీకీ వారం పేరు జోడించాలి. చాలామంది దీన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని తర్వాత చూసుకుంటారు, అప్పటికి "రేపు", "వచ్చే వారం" ఎందుకూ పనికిరావు.

> తేదీ: మే 25, సోమవారం
>
> కిచెన్, సర్వీస్, క్యాష్ కౌంటర్ సిబ్బంది అందరికీ,
>
> జూన్ 8 సోమవారం నుంచి మీ వీక్లీ ఆఫ్ రోజులు మారుతున్నాయి. అప్పటి నుంచి ఉదయం, సాయంత్రం షిఫ్టులు అందరికీ వంతులవారీగా వస్తాయి. శని, ఆదివారాల్లో రద్దీకి మనుషులు చాలడం లేదు. సాయంత్రం షిఫ్టు ఎప్పుడూ కొందరి మీదే పడుతోంది. మార్పుకు ఈ రెండే కారణాలు.
>
> మీ షిఫ్టు మీ కొత్త ఆఫ్ తర్వాతి రోజున మారుతుంది. సాయంత్రం షిఫ్టు చేసి మర్నాడే ఉదయం షిఫ్టుకు రావాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. క్లోజింగ్ పని అర్ధరాత్రి దాటినా, అది షిఫ్టు మొదలైన రోజు పనిగానే లెక్క.
>
> ఆఫ్ వెనక్కి జరిగినవారికి జూన్ 8తో మొదలయ్యే వారంలో రెండు ఆఫ్‌లు ఉంటాయి. అదనపు ఆఫ్‌కు జీతంలో కోత లేదు. ఇప్పటికే మంజూరైన సెలవులు అలాగే ఉంటాయి.
>
> కొత్త ఆఫ్ రోజుతో ఇబ్బంది ఉంటే మే 29 శుక్రవారం లోపు నాతో నేరుగా చెప్పండి. ఇద్దరు ఒప్పుకుని ఆఫ్ మార్చుకోవచ్చు, కానీ రోస్టర్‌లో నేను రాశాకే అది ఖాయం. జూన్ 1 సోమవారం తుది రోస్టర్ నోటీసు బోర్డు మీద ఉంటుంది.
>
> మేనేజర్

స్టీవార్డుకు ఇచ్చే చీటీ ఇలా ఉంటుంది:

> చివరి పాత ఆఫ్: జూన్ 8, సోమవారం
> మొదటి కొత్త ఆఫ్: జూన్ 12, శుక్రవారం. ఆ తర్వాత ప్రతి శుక్రవారం.
> జూన్ 11 గురువారం దాకా: సాయంత్రం షిఫ్టు
> జూన్ 13 శనివారం నుంచి 18 గురువారం దాకా: ఉదయం షిఫ్టు
> జూన్ 20 శనివారం నుంచి 25 గురువారం దాకా: సాయంత్రం షిఫ్టు

రెండు విషయాలు గమనించండి. ఉత్తరం మే 25న వెళ్ళింది, మార్పు జూన్ 8న. మధ్యలో రెండు వారాలు. హోటళ్ళు, రెస్టారెంట్ల పని పరిస్థితులపై 1991లో వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం కూడా, కుటుంబ జీవితం సర్దుకునేంత ముందుగా పని వేళలు తెలపాలని అంటుంది. అభ్యంతరాలకు గడువు మే 29న పెట్టి, తుది రోస్టర్‌ను జూన్ 1న పెట్టడం అందుకే. ఎవరైనా ఇబ్బంది చెప్తే దాన్ని సర్దడానికి మేనేజర్ చేతిలో నిజంగా రెండు మూడు రోజులు ఉన్నాయి. గడువు ముగిసిన సాయంత్రమే తుది రోస్టర్ అంటిస్తే, అడిగింది మాటవరసకేనని అందరికీ అర్థమైపోతుంది.

రెండోది, "సహకరించగలరు" అన్న మాట తీసేశాను. ఆఫ్ పోయినవాడికి అది చురక లాగే వినిపిస్తుంది. దాని బదులు అభ్యంతరం ఎవరికి, ఎప్పటిలోగా చెప్పాలో రాశాం.

చీటీని చేతికిచ్చేటప్పుడు "మీ మొదటి కొత్త ఆఫ్ ఎప్పుడు?" అని అడిగి చూడండి. ముగ్గురిలో ఒకరు తప్పు చెప్పినా, లోపం చీటీలో ఉన్నట్టే లెక్క. దాన్ని మళ్ళీ రాయండి.

అభ్యాసం

మార్పు జూలై 6 సోమవారం నుంచి. ఒక కుక్‌కు ఆఫ్ బుధవారం నుంచి గురువారానికి మారింది. ఇంకో కుక్‌కు శనివారం నుంచి మంగళవారానికి. చివరి పాత ఆఫ్‌లు జూలై 1, జూలై 4. ఒక్కొక్కరికీ వరస పనిరోజులు ఎన్నో తేల్చండి. మొదటివారికి 7, రెండోవారికి 2 రావాలి. ఇప్పుడు మొదటి కుక్‌కు అతుకు ఆఫ్ ఇవ్వాలా, వద్దా? మీ దగ్గరి నిబంధన చూసి నిర్ణయించి, ఇస్తే ఏ రోజో చెప్పి, ఇద్దరికీ చీటీలు రాయండి. ఇద్దరూ ఇప్పుడు సాయంత్రం షిఫ్టులో ఉన్నారు.

5వ పాఠంలో, "కొత్త ఆఫ్ నాకు కుదరదు" అని మే 28న వచ్చి చెప్పిన స్టీవార్డుకు రాసే జవాబు చూద్దాం.