టెండరుకు రేటు వేయడం – 4: బిల్లు డబ్బు చేతికి వచ్చేదాకా

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు ఎక్కువమంది 113.42 అని జవాబు రాశారు. ఆ రేటుకు టెండరు తప్పకుండా వస్తుంది. వచ్చాక ఒక్కో రీముకు సుమారు 1.43 నష్టం. అందుకే ఈసారి చెబుతానన్న, రేటు తగ్గించుకుంటూ పాడే రివర్స్ ఆక్షన్ పాఠాన్ని పక్కన పెట్టి, ఆ లెక్కనే మళ్లీ తీస్తున్నాను.

లెక్క ఇది. కాగితం రీములు ప్రతి నెలా ఒక విడత చొప్పున ఏడాదిపాటు సరఫరా చేయాలి. రీము కొనుగోలు ధర 100 అనుకున్నాం. రవాణాకు 4, ఎక్కించి దించడానికి 1, తడిసినవీ నలిగినవీ వెనక్కి వస్తే మార్చి ఇవ్వడానికి 1. మొత్తం 106. ఇంతవరకు అందరూ సరిగ్గానే చేశారు. పన్ను కలిపి చూస్తారా, విడిగా చూస్తారా అన్నది టెండరు కాగితంలోనే ఉంటుంది, దాని గురించి మళ్లీ చెప్పను.

తప్పు జరిగింది తర్వాతే. చెల్లింపు షరతు '90 రోజులు' అని ఉంది. కొందరు దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకున్నవాళ్లు కూడా 90 లోంచి మనకు సరుకిచ్చేవాడి గడువు 30 తీసేసి, 60 రోజుల వడ్డీ వేశారు. తీసివేత సరైనదే. ఆ 90 రోజులు ఎప్పటి నుంచి మొదలవుతాయో మాత్రం ఎవరూ చూడలేదు.

ఈ ఒక్క విషయం దగ్గర నాకు ఓపిక తక్కువ, ఎందుకంటే జవాబు షరతుల్లోనే రాసి ఉంటుంది. 'సరుకు అందిన నాటి నుంచి' అంటే ఒక లెక్క, 'సరుకు అంగీకరించిన నాటి నుంచి' అంటే మరొకటి, 'సక్రమమైన బిల్లు అందిన నాటి నుంచి' అంటే ఇంకొకటి. మన లెక్కలో మూడోది ఉంది. లారీ దిగిన రోజున గడియారం మొదలవదు. ముందు తనిఖీ చేసేవాళ్లు రావాలి, నమూనా చూడాలి, అంగీకార పత్రం ఇవ్వాలి. ఆ పత్రం జత చేస్తేనే బిల్లు తీసుకుంటారు. తనిఖీకి 20 రోజులు, పత్రం వచ్చి బిల్లు లోపలికి చేరడానికి 10 రోజులు పడితే, 90 కాస్తా 120 అవుతుంది. బిల్లులో ఆర్డరు నంబరు తప్పుగా పడి వెనక్కి పంపితే మళ్లీ మొదటి నుంచే. కాబట్టి టెండరు వేసేముందు ఆ కార్యాలయానికి ఇదివరకు సరఫరా చేసినవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: లారీ దిగిన రోజుకూ, డబ్బు ఖాతాలో పడిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు? షరతులో రాసిన అంకె మీద కాదు, వాళ్లు చెప్పిన అంకె మీద వడ్డీ వేయండి.

120 లోంచి 30 తీసేస్తే 90 రోజులు. అంటే మూడు నెలలు మన డబ్బు బయట ఉంటుంది. వడ్డీ నెలకు 1 శాతం అనుకుంటే 106 మీద 3.18. ఖర్చు 109.18కి చేరింది. 60 రోజులకే వేసినవాళ్లు ఇందులో 1.06 వదిలేశారు. రీముకు రెండున్నర కూడా మిగలని వ్యాపారంలో అది చిన్న మొత్తం కాదు.

వడ్డీ కట్టగలగడం వేరు, ఆ డబ్బు అసలు దొరకడం వేరు. ఏ రోజు చూసినా మూడు నెలల సరఫరా ఖర్చు మీ చేతిలోంచి పోయి ఉంటుంది. మీ బ్యాంకు పరిమితి రెండు నెలలకే సరిపోతే, లాభం ఎంత ఉన్నా మూడో నెల సరుకు ఆగిపోతుంది, ఆలస్యానికి పెనాల్టీ మొదలవుతుంది. నేనైతే రేటు కన్నా ముందు ఈ మొత్తం లెక్కేస్తాను. అది దాటిపోతుంటే టెండరు కాగితాలు పక్కన పెట్టేస్తాను.

ఇక శాతాల సంగతి. కొన్ని ఖర్చులు మనం కోట్ చేసే ధర మీద లెక్కకొస్తాయి, మన ఖర్చు మీద కాదు. ఈ టెండరులో అవి నాలుగు. సెక్యూరిటీ డిపాజిట్ ఆర్డరు విలువలో 5 శాతం, 14 నెలలు వాళ్ల దగ్గరే ఉంటుంది. దాని మీద వడ్డీ ఆర్డరు విలువలో 0.7 శాతం. ఆలస్యమైన విడతకు వారానికి 0.5 శాతం పెనాల్టీ. అయిదు విడతల్లో మూడు ఒక్కో వారం ఆలస్యమవుతాయని వేసుకుంటే సగటున 0.3. టెండరు వేదిక రుసుము 1. అక్కడ సరుకు అప్పగించి కాగితాలు చూసుకునే మనిషికి కమీషన్ 3. మొత్తం 5 శాతం. మీకు కావలసిన లాభం 2 శాతం కలిపితే 7.

ఇక్కడ చాలామంది ఖర్చును 1.07తో గుణించారు. 109.18 × 1.07 అంటే 116.82. ఆ ధర వస్తే అందులో 5 శాతం పోగా చేతికి 110.98 వస్తుంది, లాభం 1.80. 7 శాతం కోట్ మీద పోతుంది కాబట్టి, కోట్‌లో మిగిలే 93 శాతమే మన 109.18 కావాలి. అంటే భాగించాలి:

```
109.18 / 0.93 = 117.40
109.18 / 0.95 = 114.93
```

మొదటిది మనం వేయదలచిన రేటు. దాని మీద లాభం 2.35. గుణించినవాళ్లు అందులో దాదాపు నాలుగో వంతు పోగొట్టుకున్నారు. రెండోది లాభం సున్నా అయ్యే అడుగు ధర. వేలంలో దిగుతూ పోవలసి వస్తే 114.93 కింద ఒక్క పైసా తగ్గించకూడదు. ఈ అంకెను ముందు రోజే కాగితం మీద రాసి సంతకం పెట్టండి. తెర మీద పక్కవాడి రేటు కనిపిస్తుండగా వేసే లెక్క ఎప్పుడూ కిందికే జారుతుంది.

113.42 ఎలా వచ్చిందో ఇప్పుడు తెలుస్తుంది. 106ని వడ్డీ లేకుండా 1.07తో గుణిస్తే వచ్చేది అదే. అందులో 5 శాతం పోతే 107.75 మిగులుతుంది, ఖర్చేమో 109.18.

ఇలాంటి రేటే గెలవడం యాదృచ్ఛికం కాదు. పదిమంది ఒకే సరుకుకు ఖర్చు అంచనా వేస్తే కొందరు ఎక్కువగా, కొందరు తక్కువగా వేస్తారు. తక్కువ కోట్‌కే ఆర్డరు ఇస్తే, ఏదో ఒక ఖర్చు మరిచిపోయినవాడే గెలిచే అవకాశం ఎక్కువ. చమురు బావుల వేలాల్లో ఇదే ప్రమాదాన్ని 1971లో అమెరికాలోని ముగ్గురు ఇంజనీర్లు విశ్లేషించారు. అక్కడ ఎక్కువ పాడినవాడు గెలుస్తాడు, కాబట్టి చమురును అతిగా అంచనా వేసినవాడికే బావి దక్కుతుంది. మన దగ్గర దిశ తారుమారు, కారణం అదే. అందుకే రేటు పంపేముందు 'నేను గెలిస్తే, మిగతావాళ్లు వేసుకుని నేను వేసుకోని ఖర్చు ఏదై ఉంటుంది?' అని ఒకసారి పట్టిక చూడండి. నేను మొదట తనిఖీ ఖర్చులూ, సరుకు దించే కూలీ ఎవరిదన్న షరతూ చూస్తాను.

వచ్చే వారానికి అభ్యాసం. ఇదే టెండరు, రెండు మార్పులతో. ఒకటి, సరుకిచ్చేవాడికి అదే రోజు డబ్బు కడితే కొనుగోలు ధరలో 2 శాతం తగ్గిస్తాడు, 30 రోజుల గడువు ఉండదు. రెండు, కొనేవాళ్లు బిల్లులో 80 శాతం లారీ దిగిన 30వ రోజున, మిగతా 20 శాతం 120వ రోజున ఇస్తారు. మిగిలినవన్నీ పాతవే. అడుగు ధర 111.23 రావాలి. మీకు 109.47 వస్తే వడ్డీ మరిచారు. 113.85 వస్తే మొత్తం బిల్లుకూ 120 రోజులు వేశారు. అది కుదిరాక, బ్యాంకు పరిమితి నెలన్నర సరఫరా ఖర్చుకే సరిపోతే ఈ తగ్గింపు తీసుకోవచ్చా లేదా అన్నది నెలవారీ పట్టిక వేసి తేల్చండి. మొదటి ఆరు నెలలు ఏ నెలలో ఎంత బయట ఉందో అంకెలతో చూపాలి.