పప్పు, అన్నం పొంగిపోతున్నాయా? పొంగిన సమయాన్ని బట్టి కారణం తెలుసుకోవచ్చు

వట్టి నీళ్లు ఎంత మరిగినా గిన్నె దాటి రావు, ఎందుకంటే ఆవిరి బుడగ పైకి రాగానే పగిలిపోతుంది. పప్పులోని మాంసకృత్తులు, సబ్బులా నురగనిచ్చే సపోనిన్లు గాని, బియ్యంలోని పిండి పదార్థం గాని నీళ్లలోకి దిగినప్పుడు బుడగ చుట్టూ సాగే పొర ఏర్పడుతుంది. పాత బుడగలు పగలకముందే కొత్తవి వచ్చి చేరడంతో నురగ పేరుకుంటుంది. పప్పు, బియ్యం పొంగే సమయాలు వేరు కనుక, ముందుగా ఎప్పుడు పొంగిందో గమనించాలి.

సమస్య 1: కందిపప్పు మొదటి మరుగుకే తెల్లని నురగతో పొంగుతోంది

ఇది మాంసకృత్తులు, సపోనిన్ల వల్ల వచ్చే నురగ. కొన్ని నిమిషాలు మరిగాక ఆ మాంసకృత్తులు గడ్డకట్టి తెట్టులా తేలతాయి, నురగ కూడా చాలావరకు తగ్గుతుంది. అంటే జాగ్రత్త పడవలసింది ఆ మొదటి కొన్ని నిమిషాలే. పప్పును బాగా కడిగి, అరగంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో వేస్తే నురగ పుట్టించే పదార్థం కొంత ముందే పోతుంది. మరుగు పట్టగానే మంట తగ్గించి, తేలిన తెట్టును గరిటెతో తీసివేయాలి. అది విషమేమీ కాదు, తీయకపోయినా తినవచ్చు, కానీ తీస్తే పొంగు తగ్గుతుంది. అర చెంచా నూనె వేస్తే అది బుడగల పొరలోకి చొరబడి వాటిని పగలగొడుతుంది. అయితే పెద్ద మంట మీద నూనె ఒక్కటే పొంగును ఆపలేదు.

గిన్నె పరిమాణం కూడా చూసుకోవాలి. 200 మిల్లీలీటర్ల గ్లాసుతో ఒక గ్లాసు పప్పుకు మూడున్నర గ్లాసుల నీళ్లు పోస్తే, పప్పు సందుల్లోకి కొన్ని నీళ్లు చేరడంతో రెండూ కలిసి సుమారు 850 మిల్లీలీటర్లు అవుతాయి. లీటరున్నర గిన్నెలో అది సగం దాటిపోతుంది కనుక నురగకు చోటు చాలదు; రెండు లీటర్లకు తగ్గని గిన్నె పెట్టుకోవడం మేలు.

సమస్య 2: పప్పు ఉడకడం లేదని మంట పెంచితే పొంగుతోంది

బెంగళూరుకు వచ్చి స్థిరపడిన మన ఇళ్లలో ఇది తరచూ వినిపించే ఫిర్యాదు. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉండడంతో మూత లేని గిన్నెలో నీళ్లు దాదాపు 97 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి. చెన్నైలోనైతే ఇంచుమించు 100 డిగ్రీలకు మరుగుతాయి. అందువల్ల అదే పప్పు ఇక్కడ ఉడకడానికి ఎక్కువ సేపు పడుతుంది. మరుగుతున్న నీళ్ల కింద మంట పెంచితే వేడి పెరగదు, ఆవిరి మాత్రమే పెరుగుతుంది. ఆ ఆవిరే నురగను గిన్నె అంచు దాటిస్తుంది. సన్నని మంట మీద మెల్లగా మరగనిచ్చి, నీళ్లు తగ్గితే వేడినీళ్లు చేర్చడమే సరైన పద్ధతి. బోరు నీళ్ల కాఠిన్యం వల్ల కూడా పప్పు ఆలస్యంగా ఉడుకుతుంది. దానికి విరుగుడుగా తినే సోడా వేసేవారు, అది వేడికి కార్బన్ డయాక్సైడ్ వదిలి మరింత నురగ తెస్తుందని గుర్తుంచుకోవాలి. నానబెట్టడం దానికన్నా నయం.

సమస్య 3: ఎసట్లో బియ్యం పోసిన కొంతసేపటికి చిక్కని గంజి పొంగుతోంది

మొదట నిదానంగా మరిగి, గింజ సగం ఉడికే వేళకు పొంగితే అది పిండి పదార్థం పని. అది నీళ్లలో కలిసి గంజి చిక్కబడే కొద్దీ బుడగలు పగలడం కష్టమవుతుంది. కడుగు నీళ్లు తేటపడే దాకా కడిగితే గింజ పైనున్న పిండి పోతుంది గాని, ఉడికేటప్పుడు లోపలి నుంచి వచ్చేది ఆగదు. కాబట్టి ఈ దశలో మంట తగ్గించి, మూతను ఓరగా పెట్టాలి. గట్టిగా మూస్తే నురగ చల్లబడి విరిగే అవకాశం ఉండదు. గిన్నె మీద అడ్డంగా పెట్టిన చెక్క గరిటె, పొడిగా, చల్లగా ఉన్నంత సేపు తనను తాకిన బుడగలను పగలగొడుతుంది, తడిసి వేడెక్కాక పనిచేయదు. దాన్ని నమ్ముకుని వంటింటి నుంచి వెళ్లిపోకూడదు: గంజి పడి మంట ఆరిపోతే గ్యాసు వస్తూనే ఉంటుంది. అలా జరిగితే వెంటనే స్టవ్ కట్టేసి, కిటికీలు తెరిచి, బర్నర్ చల్లారాక దాని రంధ్రాలను శుభ్రం చేసి ఆరబెట్టాలి.

సమస్య 4: కుక్కర్ విజిల్ వెంట పసుపు నీళ్లు చిమ్ముతున్నాయి

కుక్కర్‌లో నేరుగా పప్పు వేసి సగానికి మించి నింపినా, మొదటి విజిల్ దాకా పెద్ద మంట ఉంచినా నురగ ఆవిరి గొట్టంలోకి ఎక్కుతుంది. నీళ్లు, పప్పు కలిపి సగం దాటకుండా చూసుకుని, అర చెంచా నూనె వేసి, ఆవిరి గట్టిగా రావడం మొదలవగానే మంట తగ్గించాలి. ఒకసారి చిమ్మిన కుక్కర్‌ను మళ్లీ వాడే ముందు మూతను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని ఆవిరి గొట్టంలోంచి చూడాలి. అవతలి వెలుగు కనిపించకపోతే పప్పు ఎండి అడ్డుపడిందన్నమాట, సన్నని పుల్లతో పొడిచి కడగాలి. లోపల ఒత్తిడి ఉండగా వెయిట్‌ను పైకి లేపితే ఒక్కసారిగా పప్పు నురగ ఎగజిమ్మి చేయి కాలుతుంది, కనుక ఒత్తిడి దానంతటది తగ్గాకే మూత తీయాలి.