రెండు నిమిషాల చేనేత వీడియో: స్క్రిప్టులో వచ్చే చిక్కులు, వాటి పరిష్కారాలు

తిరుపతిలో చిన్న గదిలో చీరలు అమ్ముకునే ఒక కుటుంబం, వెంకటగిరిలో తమ పెద్దాయన నేసే జాందానీ నూలు చీర గురించి ఫోనుతోనే వీడియో తీయాలనుకొని, ముందుగా రాసుకున్న స్క్రిప్టును నా వద్దకు తెచ్చింది. దానిని సరిచేసిన క్రమాన్నే ఇక్కడ వివరిస్తున్నాను.

సమస్య: చదివితే రెండు నిమిషాలు దాటిపోతోంది, చీర మాత్రం ఆలస్యంగా కనిపిస్తోంది

ఆ స్క్రిప్టులో 310 మాటలున్నాయి. తీరికగా పైకి చదివితే మూడున్నర నిమిషాలు పట్టింది. మొదటి నలభై సెకన్లూ తాతల కాలం నుండి చేస్తున్న వృత్తి గురించే సాగాయి. ఇంత నిడివి పెరగడానికి కారణం, కంటికి కనిపించే విషయాన్ని కూడా నోటితో చెప్పాలనుకోవడమే. «ఎంతో నైపుణ్యంతో చేతితో నేసిన అందమైన బుటాలు» అని రాసేటప్పుడు, ఆ క్షణంలో తెరపై ఏముంటుందో వారు ఆలోచించలేదు.

కాగితాన్ని నిలువుగా రెండు భాగాలుగా మడిచి, ఎడమవైపు కనిపించేది, కుడివైపు వినిపించేది రాయాలి. ఎడమ భాగమంతా పూర్తయ్యేవరకు కుడివైపు ఒక్క మాటా రాయకూడదు. ఆ తరువాత, బొమ్మ చెప్పలేని దానికి మాత్రమే మాటలు ఇవ్వాలి. మేము చేసిన మార్పుతో ఆరంభం ఇలా వచ్చింది:

0–12 సెకన్లు. కనిపించేది: వేళ్లు పడుగు దారాలను పైకెత్తి, చిన్న కండెను వాటి మధ్య నుండి దూర్చి బుటా కట్టడం, దగ్గరి నుండి. వినిపించేది: మగ్గం శబ్దం మాత్రమే.

12–40 సెకన్లు. కనిపించేది: చీర ముందువైపు బుటా, ఆపై అదే బుటా వెనుకవైపు. వినిపించేది: «ఒక్కో పువ్వుకు విడిగా దారం ఎక్కించి నేసినది. తిప్పి చూడండి, వెనుక దారాలు వేలాడవు.»

ఈ రెండో భాగమే చీరకు సాక్ష్యం. అయితే ఇక్కడ జాగ్రత్త అవసరం. మరమగ్గంపై అదనపు పేకతో వేసిన బుటాలకు వెనుక ఒక పువ్వు నుండి మరొక పువ్వుకు దారాలు సాగుతాయి, లేదా వాటిని కత్తిరించిన కొసలు కనిపిస్తాయి. కాని జాకార్డు బిగించిన చేతిమగ్గంపై నేసిన కొన్ని చీరలకు కూడా వెనుక అలాగే ఉంటుంది. కనుక «వెనుక దారాలుంటే అది చేనేత కాదు» అని స్క్రిప్టులో రాయడం సాటి నేతగాళ్లకు అన్యాయం చేయడమే. మన చీర జాందానీ అన్నంతవరకే చెప్పాలి. జరీ విషయంలోనూ అంతే: కొన్న జరీ ఏ రకమో బిల్లు చూసి, ఆ మాటే రాయాలి.

మొత్తం 150 మాటలకు తగ్గించగా వంద సెకన్లు పట్టింది. మిగిలిన ఇరవై సెకన్లను మగ్గానికి వదిలేశాము.

సమస్య: నేతగాడు కెమెరా ముందు బిగుసుకుపోతున్నాడు, మాట వినిపించడం లేదు

పెద్దాయనకు నాలుగు వాక్యాలు రాసిచ్చి కంఠస్థం చేయించారు. మాటలు గుర్తు తెచ్చుకునే యత్నంలో ఆయన చేతులు ఆగిపోయాయి, చెప్పిన కొద్దిపాటి మాటలు కూడా మగ్గం శబ్దంలో కలిసిపోయాయి. స్క్రిప్టులో ఆయన జవాబు రాయకుండా, అడగవలసిన ప్రశ్న మాత్రమే రాయాలి. కూతురు గుంట మగ్గం పక్కన కూర్చొని, నేత ఆపించి, «నాయనా, ఈ పువ్వు ఎట్లా ఎత్తుతావు?» అని అడిగితే, ఆయన చేతులతో చూపిస్తూ రెండు ముక్కల్లో చెప్పేశారు. నేసే దృశ్యాన్ని విడిగా తీశాము.

కథనం చదివే గొంతును మగ్గం దగ్గర రికార్డు చేయవద్దు. చీరల దొంతరలున్న గది ఇందుకు చాలా అనుకూలం. దొంతరల మధ్య కూర్చొని, ఫోనును జానెడు దూరంలో పెట్టి చదివితే బట్ట ప్రతిధ్వనిని పీల్చేస్తుంది. పైసా ఖర్చు ఉండదు.

సమస్య: వీడియో చూసినవారు ఫోను చేసి, అన్నీ మళ్లీ అడుగుతున్నారు

వారి మునుపటి వీడియోకు వచ్చిన ఫోన్లలో ఎక్కువమంది అడిగినవి మూడే: జాకెట్టు ముక్క ఉందా, ఇంట్లో ఉతకవచ్చా, ధర ఎంత. స్క్రిప్టులో వీటికి చోటే లేదు. ఇప్పుడు 75వ సెకను నుండి 100వ సెకను వరకు, కొంగు, అంచు, జాకెట్టు ముక్క వరుసగా పరిచి చూపిస్తూ కొలతలు, ఉతికే తీరు చెప్పాము. చివరి ఇరవై సెకన్లలో ధర, ఫోను నంబరు తెరపై నిలకడగా ఉంటాయి. నంబరును రెండుసార్లు చదవడానికి వ్యవధి ఉండాలి.

రంగుపై ఫిర్యాదు వస్తే, అది సాధారణంగా వెలుతురు దోషమే. ఎడమ భాగంలో ప్రతి దృశ్యం పక్కన «ఉదయం, తలుపు దగ్గర, ట్యూబ్‌లైటు ఆపి» అని రాసుకోవాలి. పగటి వెలుతురు, ట్యూబ్‌లైటు కలిస్తే ఒకే చీర రెండు దృశ్యాల్లో రెండు రంగులుగా కనిపిస్తుంది. జరీ మెరుపు కూడా వెలుతురు పక్క నుండి పడినప్పుడే తెలుస్తుంది.

స్క్రిప్టు పూర్తయ్యాక కుడివైపు భాగాన్ని మూసి, ఎడమవైపు మాత్రమే వృత్తితో సంబంధం లేనివారికి చదివి వినిపించండి. ఏమి అమ్ముతున్నారో, దానిలో విశేషమేమిటో వారు చెప్పలేకపోతే, ఏ దృశ్యం లోపించిందో వారినే అడిగి, ఆ దృశ్యం చేర్చాకే ఫోను చేతికి తీసుకోండి.