పెట్టుబడి లెక్కలు – 4వ పాఠం: రెండు ఒడుదొడుకులను కలిపితే ఎంత?

ముందు 3వ పాఠం అభ్యాసానికి జవాబు. ఇండెక్స్ ఫండ్ నెలవారీ స్టాండర్డ్ డీవియేషన్ 5.77 శాతం, గోల్డ్ ఈటీఎఫ్‌ది 4.33 శాతం అని ఇచ్చి, ఏడాదికి మార్చమన్నాం. 12తో గుణిస్తే తప్పు. నెల నుంచి ఏడాదికి వెళ్లేటప్పుడు 12 రెట్లు పెరిగేది వేరియన్స్. స్టాండర్డ్ డీవియేషన్ దాని వర్గమూలం కాబట్టి √12 రెట్లు, అంటే 3.464 రెట్లే పెరుగుతుంది. అలా ఇండెక్స్ ఫండ్‌కు 20 శాతం, బంగారానికి 15 శాతం వస్తాయి. ఈ రెండు అంకెలతోనే ఇవాళ్టి లెక్క. ఇవి, కింద వాడే కోరిలేషన్, రాబడులు కూడా పాఠం కోసం తీసుకున్నవి. అసలు అంకెలు మీరు ఏ ఐదేళ్ల డేటా తీసుకున్నారన్న దాన్ని బట్టి మారతాయి.

మాదాపూర్‌లో పనిచేసే ఒకరి దగ్గర 10 లక్షలు ఉన్నాయనుకుందాం. 6 లక్షలు ఇండెక్స్ ఫండ్‌లో, 4 లక్షలు గోల్డ్ ఈటీఎఫ్‌లో పెట్టారు. రెండింటి మధ్య కోరిలేషన్ 0.1. మొత్తం మీద ఒడుదొడుకు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, ఎంత?

చాలామంది చేసే పని, సగటు తీయడం: 0.6 × 20 = 12, 0.4 × 15 = 6, మొత్తం 18 శాతం. రెండూ ఎప్పుడూ ఒకే దిక్కుకు, ఒకే నిష్పత్తిలో కదిలేటట్లయితే, అంటే కోరిలేషన్ సరిగ్గా 1 అయితేనే ఇది నిజం. సరైన సూత్రం ఇది. ఇందులో A, B రెండు పెట్టుబడులు, w వాటా, s ఒడుదొడుకు, r కోరిలేషన్:

```
variance = (wA*sA)^2 + (wB*sB)^2 + 2*r*(wA*sA)*(wB*sB)
```

సూత్రం పొడుగ్గా కనిపిస్తుంది గానీ, వాటాతో గుణించిన 12, 6లను ముందే రాసి పెట్టుకుంటే మిగిలేది చాలా తక్కువ. 12 వర్గం 144. 6 వర్గం 36. మూడో పదం 2 × 0.1 × 12 × 6 = 14.4. మొత్తం 194.4. ఇది వేరియన్స్. దీని వర్గమూలం 13.94 శాతం.

18 ఎక్కడ, 13.94 ఎక్కడ! ఇలా ఎందుకు తగ్గిందో కంటికి కనిపించాలంటే దారి లెక్కన చూడండి. ఉత్తరానికి 12 కిలోమీటర్లు వెళ్లి, మలుపు లేకుండా అదే రోడ్డున ఇంకో 6 వెళ్తే బయల్దేరిన చోటికి 18 కిలోమీటర్ల దూరంలో ఉంటాం. అదే 12 తర్వాత తూర్పుకు తిరిగి 6 వెళ్తే, నేరుగా కొలిచిన దూరం 13.4 కిలోమీటర్లే. మొదటిది కోరిలేషన్ 1, రెండోది కోరిలేషన్ 0. మన 0.1 ఆ మలుపుకు దగ్గర్లోనే ఉంది.

ఇప్పుడు రూపాయల్లో. ఇండెక్స్ ఫండ్ ఏటా 12 శాతం, బంగారం 8 శాతం ఇస్తాయని ఆశిస్తే, మొత్తం రాబడి 0.6 × 12 + 0.4 × 8 = 10.4 శాతం. గమనించండి, రాబడికి మామూలు సగటే సరిపోతుంది, కోరిలేషన్‌తో పని లేదు. చెడ్డ ఏడాదిలో ఒక స్టాండర్డ్ డీవియేషన్ కిందికి జారితే, 18 శాతం లెక్కన 10 లక్షలు 9,24,000 అవుతాయి. 13.94 లెక్కన 9,64,600 మిగులుతాయి. ఆశించే రాబడి పైసా తగ్గకుండానే 40,600 రూపాయల తేడా వచ్చింది. రాబడులు నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌ను పాటిస్తే, ఇంతకంటే చెడ్డ ఏడాది సుమారు ఆరేళ్లకు ఒకటి వస్తుంది.

అసలు విశేషం బంగారం ఒక్కటే ఉన్నవాళ్ల లెక్కలో ఉంది. మన ఇళ్లలో ఇది మామూలే. 10 లక్షలూ గోల్డ్ ఈటీఎఫ్‌లో ఉంటే ఒడుదొడుకు 15 శాతం. (నగల రూపంలో ఉంటే ఈ లెక్క అలాగే వర్తించదు. పాట్ మార్కెట్‌లో కొన్నా, ఇంకెక్కడ కొన్నా తరుగు, మజూరీ కింద ఇచ్చింది అమ్మేటప్పుడు తిరిగి రాదు.) ఇందులోంచి మూడున్నర లక్షలు తీసి, బంగారం కంటే ఎక్కువ ఊగే ఇండెక్స్ ఫండ్‌లో పెడితే రిస్క్ పెరుగుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. లెక్క వేద్దాం. 0.35 × 20 = 7. 0.65 × 15 = 9.75. వర్గాలు 49, 95.06. మూడో పదం 2 × 0.1 × 7 × 9.75 = 13.65. మొత్తం 157.71, వర్గమూలం 12.56 శాతం. రిస్క్ 15 నుంచి 12.56కు దిగింది, రాబడి 8 నుంచి 9.4కు ఎక్కింది.

దీనికో హద్దు ఉంది. చిన్న ఒడుదొడుకును పెద్దదానితో భాగించండి: 15 ÷ 20 = 0.75. కోరిలేషన్ ఇంతకంటే తక్కువ ఉంటేనే, ఎక్కువ ఊగేదాన్ని కొద్దిగా కలిపినప్పుడు మొత్తం రిస్క్ తగ్గుతుంది. 0.75 దాటితే కలిపిన ప్రతి రూపాయీ రిస్క్‌ను పెంచుతుంది. నిఫ్టీ 50 ఫండ్ ఒకటి, సెన్సెక్స్ ఫండ్ ఒకటి కొని "రెండు చోట్ల పెట్టాను" అనుకునేవాళ్లు ఇక్కడే మోసపోతారు. రెండింట్లోనూ పెద్ద కంపెనీలు దాదాపు అవే. రెండింటికీ 20 శాతం, కోరిలేషన్ 0.99, చెరి సగం వేసి చూడండి: 100 + 100 + 198 = 398, వర్గమూలం 19.95. రెండు ఫండ్లు కొన్నా తగ్గింది 0.05 శాతమే.

ఎక్సెల్‌లో చేసేటప్పుడు B, C నిలువు వరుసల్లో 61 నెలల ముగింపు ధరలు రెండో అడ్డు వరుస నుంచి వేసి, D, Eలలో `=B3/B2-1` తరహాలో నెలవారీ రాబడులు తీయండి. తర్వాత:

```
=STDEV.S(D3:D62)*SQRT(12)
=STDEV.S(E3:E62)*SQRT(12)
=CORREL(D3:D62,E3:E62)
```

CORRELకు ధరలను ఇవ్వకండి, రాబడులనే ఇవ్వాలి. ఐదేళ్లలో రెండూ పెరిగి ఉంటే, ధరల మధ్య కోరిలేషన్ 0.9 లాంటి అంకె చూపిస్తుంది. అది రెండూ పెరిగాయన్న సంగతి మాత్రమే చెబుతుంది, నెలనెలా కలిసి కదిలాయో లేదో చెప్పదు. కోరిలేషన్‌ను √12తో గుణించడం కూడా తప్పే, దానికి కాలంతో పని లేదు.

జవాబు వచ్చాక రెండు పరీక్షలు పెట్టండి. మన 60:40 లెక్కలో జవాబు 12 − 6 = 6కు, 12 + 6 = 18కు మధ్యే ఉండాలి. 194 వస్తే వర్గమూలం మరిచారు. రెండో పరీక్ష, కోరిలేషన్ చోట 1 వేయడం. కచ్చితంగా 18 రావాలి. 15.87 వచ్చిందంటే మూడో పదంలో 2 వదిలేశారు. మొదటి పరీక్ష ఈ తప్పును పట్టుకోలేదు. ఎందుకంటే 2 లేకుండా వచ్చే 13.68 కూడా 6, 18ల మధ్యే ఉంటుంది.

ఇంకొక్క సంగతి. 0.1 లాంటి కోరిలేషన్ ఐదేళ్ల మొత్తం మీద వచ్చే అంకె, అన్ని రోజులకూ వర్తించేది కాదు. 2020 మార్చిలో నగదు కోసం జనం దొరికినదల్లా అమ్మినప్పుడు, షేర్లతో పాటు బంగారమూ కొన్ని రోజులు పడింది. అందుకే అదే 60:40 లెక్కను కోరిలేషన్ 0.6తోనూ వేసి పక్కన రాసుకోండి: 180 + 86.4 = 266.4, వర్గమూలం 16.32 శాతం. అవసరానికి డబ్బు తీయాల్సి వస్తుందేమో అనుకునేవాళ్లు 13.94ను కాక ఈ అంకెను చూసి నిర్ణయం తీసుకోవాలి.

అభ్యాసం: ఒక ఫండ్ ఒడుదొడుకు 24 శాతం, ఇంకోదానిది 16 శాతం, కోరిలేషన్ 0.2, వాటాలు చెరి సగం. మొత్తం స్టాండర్డ్ డీవియేషన్ కనుక్కోండి. రెండు పరీక్షలూ పెట్టండి. తర్వాత, 16 శాతం ఫండ్ ఒక్కటే ఉన్నవాళ్లకు 24 శాతం ఫండ్ కొంచెం కలిపితే రిస్క్ తగ్గాలంటే కోరిలేషన్ ఎంత లోపు ఉండాలో చెప్పండి. జవాబులు 5వ పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠంలో మూడో పెట్టుబడిని కలుపుతాం. అక్కడ మూడో పదాలు ఒకటి కాదు, మూడు వస్తాయి.